నూరో గీత ఎక్కడ పెట్టాలి?



మనం కూర్చున్న ఈ హైదరాబాద్‌లో నీళ్లు నూరు డిగ్రీల దగ్గర మరగవు. సుమారు 98 డిగ్రీలకే మరుగుతాయి. థర్మామీటర్‌లో దోషమేమీ లేదు. మనం సముద్రమట్టానికి దాదాపు 540 మీటర్ల ఎత్తున ఉన్నాం, మన మీద గాలి బరువు కాస్త తక్కువ. బారోమీటర్ లేకపోతే థర్మామీటర్ మీద నూరో గీత పడేదే కాదు. ఆ కథే ఇవాళ మీకు చెప్పాలని వచ్చాను.

16వ శతాబ్దం చివర్లో, ఇటలీలోని పాడువాలో గెలీలియో ఒక గాజు బుడ్డి తీసుకున్నాడు. దాని సన్నటి పొడుగాటి గొట్టాన్ని నీళ్ల గిన్నెలో తలకిందులుగా నిలిపాడు. బుడ్డిలో గాలి వేడెక్కితే వ్యాకోచించి గొట్టంలోని నీటిని కిందికి నెడుతుంది. చల్లబడితే నీరు పైకెక్కుతుంది. తర్వాత శాంటోరియో అనే వైద్యుడు ఇలాంటి గొట్టానికి గీతలు చేర్చి రోగుల ఒంటివేడి కొలిచాడు.

ఈ పరికరంలో ఒక చిక్కుంది. గిన్నెలోని నీళ్లు బయటి గాలికి తెరుచుకునే ఉన్నాయి. వాన ముసురుకొచ్చే రోజున వాయుపీడనం పాదరసం లెక్కన ఒక సెంటీమీటరు తగ్గిందనుకుందాం. వేడి ఏమాత్రం మారకపోయినా గొట్టంలో నీరు దిగిపోతుంది, దాదాపు నాలుగు డిగ్రీల వేడి పెరిగినట్టు కనిపిస్తుంది. గాలికి బరువుందని తేలేదాకా ఇది పసిగట్టే దారి లేదు.

అది తేల్చే పని 1640లలో ఫ్లోరెన్స్‌లో జరిగింది. టొరిచెల్లి సూచన మేరకు ఒక గాజు గొట్టాన్ని పాదరసంతో నింపి, మూతిని వేలితో మూసి, పాదరసం గిన్నెలో బోర్లించారు. పాదరసం కొంత దిగి, సుమారు 76 సెంటీమీటర్ల దగ్గర నిలిచిపోయింది. దాన్ని నిలబెట్టింది బయటి గాలి బరువేనని టొరిచెల్లి 1644లో ఒక ఉత్తరంలో వివరించాడు.

అది నిజమైతే కొండెక్కినకొద్దీ పాదరసం దిగాలి. పాస్కల్ కోరిక మీద ఆయన బావ పెరియే 1648 సెప్టెంబర్ 19న ఫ్రాన్స్‌లోని ప్యూయి ద డోమ్ కొండెక్కాడు. నాకు ఎంతో ఇష్టమైన ప్రయోగం ఇది. ఒక గొట్టాన్ని కింద మఠం తోటలోనే ఉంచి, రోజంతా కనిపెట్టి చూడమని ఒక సన్యాసికి అప్పగించాడు. పైన పాదరసం తగ్గితే అది ఎత్తు వల్లనా, ఆ రోజు వాతావరణం మారడం వల్లనా అన్న అనుమానం మిగలకూడదు కదా. కింది గొట్టం సాయంత్రందాకా కదలలేదు. శిఖరం మీద పాదరసం దాదాపు ఎనిమిదిన్నర సెంటీమీటర్లు తగ్గింది. ఆ తోటలో పాదరసం ఎత్తు సుమారు 71 సెంటీమీటర్లు. మన హైదరాబాద్‌లోనూ ఇంచుమించు అంతే.

కొన్నేళ్లకే ఫ్లోరెన్స్ పాలకుడు రెండో ఫెర్డినాండ్ కొలువులో సారాయి నింపి, కొసను కరిగించి మూసేసిన గాజు థర్మామీటర్లు వచ్చాయి. బయటి గాలి జోక్యం పోయింది. కానీ ఒక ఊరి థర్మామీటర్‌లో ఇరవయ్యో గీత మరో ఊరి థర్మామీటర్‌లో ఎన్నో గీతో చెప్పడం కష్టం. ఎక్కడైనా మళ్లీ సృష్టించగల స్థిరబిందువులు కావాలి.

మరిగే నీళ్లు అందుకు పనికొస్తాయనిపించింది. అయితే 1724లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఫారన్‌హీట్ మరుగుస్థానం వాయుపీడనంతో మారుతుందని ప్రకటించాడు. పాదరసం సుమారు 2.7 సెంటీమీటర్లు తగ్గితే మరుగుస్థానం ఒక డిగ్రీ తగ్గుతుంది. ఈ లెక్కన పెరియే ఎక్కిన కొండ మీద నీళ్లు కింది తోటలోకన్నా మూడు డిగ్రీల ముందే మరుగుతాయి. అందుకే 1742లో స్వీడన్‌లో సెల్సియస్ కరిగే మంచును ఒక బిందువుగా, బారోమీటర్ ఫలానా ఎత్తులో ఉన్నప్పుడు మరిగే నీటిని రెండో బిందువుగా తీసుకున్నాడు. ఆయన స్కేలులో మరిగే నీరు సున్నా, కరిగే మంచు నూరు. ఆయన పోయాక దాన్ని తిరగేశారు.

అంతటితో తెగలేదు. లండన్ రాయల్ సొసైటీ కావెండిష్ ఆధ్వర్యంలో ఏడుగురి సంఘాన్ని వేసింది. మంచి పనివాళ్ల థర్మామీటర్లలోనూ మరుగుస్థానం గీతలు ఒకదానికొకటి పొసగడం లేదు. మరిగే నీటి వేడి లోతును బట్టి, పాత్రను బట్టి మారుతుంది. పైకొచ్చే ఆవిరి మాత్రం నిలకడగా ఉంటుంది. అందుకని బుడ్డిని నీళ్లలో ముంచకుండా, మూతపెట్టిన పాత్రలోని ఆవిరిలో ఉంచమని, బారోమీటర్ 29.8 అంగుళాలున్నప్పుడు గీత పెట్టమని 1777లో వాళ్లు నిర్ణయించారు.

1954లో బారోమీటర్ అవసరం లేని బిందువును స్కేలుకు ఆధారంగా తీసుకున్నారు. గాలి పూర్తిగా తీసేసి మూసిన గాజు పాత్రలో స్వచ్ఛమైన నీరు, మంచు, నీటి ఆవిరి మూడూ కలిసి నిలకడగా ఉండేది ఒకే ఒక్క ఉష్ణోగ్రత వద్ద, 0.01 డిగ్రీ సెల్సియస్ వద్ద. అక్కడి పీడనాన్ని ఎవరూ సరిచేయనక్కర్లేదు, ఆ మూడూ కలిసి ఉండటమే దాన్ని నిర్ణయిస్తుంది. 2019లో కెల్విన్ నిర్వచనం బోల్ట్‌జ్‌మన్ స్థిరాంకానికి మారింది. అయినా ప్రమాణ ప్రయోగశాలల్లో థర్మామీటర్లను సరిచూడటానికి ఆ గాజు పాత్రలను నేటికీ వాడుతున్నారు.