అమ్మ క్యాలెండర్ మీద రాసిన రాతల్ని నిద్ర లెక్కగా ఎలా మార్చామంటే

ఈ ఎపిసోడ్ మా ఇంట్లో నుంచే, అనుమసముద్రంపేట నుంచే చేస్తున్నాను. మా అవ్వకి డిమెన్షియా. పగలూ రాత్రీ చూసుకునేది అమ్మ. నేను చేసింది చిన్న పని. అమ్మ రోజూ గోడ క్యాలెండర్ మీద, ఒక వంద పేజీల నోట్సులో రాసుకున్నదాన్ని ఫోన్‌లో పట్టికగా మార్చాను. అది ఎలా చేశానో, ఎక్కడ తప్పు చేశానో చెప్తాను.

ముందు అమ్మ రాసిన ఒక రోజు చదువుతాను. "ఈరోజు కూడా సాయంత్రం మొదలుపెట్టింది. మొండికేసింది. రాత్రంతా నిద్ర లేదు, ఎవరికీ లేదు." అంతే. నెల్లూరులో డాక్టర్ గారికి ఇదే చూపించాం. ఆయన అడిగింది రెండే ప్రశ్నలు. "ఎన్ని గంటలకి? దానికి ముందు ఏం జరిగింది?" మేం ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

ఇంటికొచ్చి గూగుల్ షీట్స్‌లో ఐదు గడులు పెట్టాను. టైమ్, దానికి ముందు ఏం జరిగింది, అవ్వ ఏం చేసింది, మేం ఏం చేశాం, ఎంతసేపటికి కుదుటపడింది. నిద్రకి వేరే షీట్.

ఇందులో కష్టమైన గడి "అవ్వ ఏం చేసింది" అనేది. "మొండికేసింది" అనేది మన తీర్పు, జరిగింది కాదు. ఫోన్‌లో వీడియో తీసి ఉంటే అందులో ఏం కనిపించేదో అదే రాయాలి. అమ్మని అడిగితే చెప్పింది: "చీర కొంగులో బట్టలు మూట గట్టుకుని వాకిలి దగ్గరికి పోయింది. మా ఇంటికి పోవాల, పొద్దుగూకతా ఉండాది అనింది." ఇది రాయొచ్చు. మొండితనానికి మందు లేదు గానీ, సాయంత్రం ఆరుంబావుకి వాకిలి దగ్గర మూటతో నిలబడ్డ మనిషికి ఏదో ఒకటి చేయొచ్చు కదా.

నా తప్పు "ముందు ఏం జరిగింది" గడిలో జరిగింది. పాత రాతల్లో అది చాలా చోట్ల లేదు. నేను అమ్మని కూర్చోబెట్టి ఒక్కోటీ అడుగుతూ నింపేశాను. అమ్మ ప్రతిదానికీ "చీకటి పడింది కదా, అందుకే" అనింది. నింపాక చూస్తే అన్నిటికీ ఒకే కారణం! అది లెక్క కాదు, అమ్మ అభిప్రాయం. అవన్నీ తుడిచేశాను. అప్పటి నుంచి మా రూల్ ఒకటే. జరిగిన గంటలోపు రాస్తేనే కారణం గడి నింపాలి, లేదంటే "తెలీదు" అని రాయాలి. టైపు చేసే తీరిక లేకపోతే అమ్మ నాకు వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెడుతుంది. టైమ్ దానంతటదే పడుతుంది.

ఇంక నిద్ర సంగతి. రాత్రి ఒంటిగంటన్నరకి లేస్తే అది ఏ తేదీ కింద రాయాలి? తేదీ మారిపోయింది కదా. ఒకే రాత్రి రెండు ముక్కలైపోతుంది. అందుకే మేం రోజుని మధ్యాహ్నం 12 నుంచి మర్నాడు మధ్యాహ్నం 12 వరకు లెక్కేసుకున్నాం. పగటి కునుకు, ఆ తర్వాత వచ్చే రాత్రి, రెండూ ఒకే రోజు కింద పడతాయి. పడుకున్న టైమ్ B గడిలో, లేచిన టైమ్ C గడిలో, ఒక్కో నిద్ర ముక్కకీ ఒక్కో వరుస. అర్ధరాత్రి దాటినా గంటలు సరిగ్గా రావాలంటే ఇది వేయండి:

```
=MOD(C2-B2,1)*24
```

జవాబు మళ్లీ గడియారం టైమ్‌లాగా కనిపిస్తే ఆ గడి ఫార్మాట్‌ని నంబర్‌కి మార్చండి.

మూడు వారాలు, అంటే 21 రోజులు ఇలా రాశాం. రెండు విషయాలు కనపడ్డాయి.

ఒకటి, "రాత్రంతా నిద్ర లేదు" అనేది నిజం కాదు. లేచిన రాత్రుల్లో కూడా ఎక్కువగా మెలకువ సుమారు ఒంటిగంటన్నర నుంచి మూడున్నర వరకే. అమ్మకి మాత్రం ఆ తర్వాత నిద్ర పట్టదు, కాబట్టి తనకది రాత్రంతా. భోజనం తర్వాత అవ్వ రెండు గంటలకు మించి పడుకున్న రోజులు 9. వాటిలో 7 రాత్రులు లేచింది. తక్కువ పడుకున్న 12 రోజుల్లో లేచింది 3 రాత్రులే.

రెండు, సాయంత్రం మూట కట్టుకునేది చీకటి పడినప్పుడల్లా కాదు. అమ్మ వంటింట్లోకి పోయి, అవ్వ ముందు గదిలో ఒంటరిగా ఉన్న రోజుల్లోనే ఎక్కువ. మా జవాబు గడి కూడా చూడండి. "ఇదే నీ ఇల్లు అవ్వా" అని వాదించిన రోజుల్లో కుదుటపడడానికి నలభై నిమిషాలు, గంట. "సరే పోదాం, ముందు కాఫీ తాగుదాం, మీ ఊళ్లో ఎవరెవరు ఉండారు?" అన్న రోజుల్లో పది, పదిహేను నిమిషాలు. మా అవ్వ పుట్టిల్లు ఉదయగిరి పక్క. ఆ కబుర్లలో పడితే మూట సంగతి మర్చిపోతుంది.

అదే గడిలో అమ్మ ఒక రోజు రాసింది: "నేను అరిచినాను. ఆమె ఏడ్చింది. నేనూ ఏడ్చినాను." ముందు దాన్ని కొట్టేసింది. నేను మళ్లీ రాశాను. అది తప్పొప్పుల పుస్తకం కాదమ్మా, నువ్వు వరుసగా మూడో రాత్రి నిద్ర లేకుండా ఉన్నావని అందులోనే తెలిసింది అన్నాను. తర్వాతి వారం నుంచి రెండు రాత్రులు అవ్వ గదిలో నేను పడుకుంటున్నాను.

తర్వాత మార్పులు ఒక్కసారే అన్నీ చేయలేదు. చేస్తే దేనివల్ల మారిందో తెలీదు. మొదటి వారం పగటి నిద్ర ఒక్కటే మార్చాం. ముప్పావుగంటకి మెల్లగా లేపి, మూడున్నరకి వసారాలో నడిపించాం. ఆ వారం లేచిన రాత్రులు రెండు. రెండో వారం అమ్మ వంట చేసేటప్పుడు అవ్వని వంటింటి గడప దగ్గర కుర్చీలో కూర్చోబెట్టి, చిక్కుడుకాయలు చేతికిచ్చాం. ఈనెలు తీస్తూ కూర్చునేది. మూట కట్టింది ఒక్క సాయంత్రమే. ఒక్క మనిషి మీద రెండు వారాల లెక్క ఇది. మీ ఇంట్లో కారణం వేరే ఉండొచ్చు. దాన్ని కనుక్కోవడానికే ఈ పట్టిక.

ఇంకో ముఖ్యమైన మాట. ఐదో వారంలో రెండు రోజులు లెక్క మొత్తం తప్పింది. అవ్వ పొద్దున కూడా మగతగా ఉంది, అన్నం ముద్ద చేతిలో పెట్టుకుని మర్చిపోయింది, లేని మనుషులతో మాట్లాడింది. కారణం గడిలో "తెలీదు, తెలీదు, తెలీదు". పట్టిక లేకపోతే "జబ్బు ముదిరింది" అనుకుని ఊరుకునేవాళ్లం. అంతకుముందు నాలుగు వారాలు ఎలా ఉందో ఎదురుగా ఉంది కాబట్టి, ఇది డిమెన్షియా నడక కాదని తెలిసింది. డిమెన్షియా సాధారణంగా నెలల మీద, ఏళ్ల మీద మారుతుంది. ఒకటి రెండు రోజుల్లో మనిషి మారిపోతే ఒంట్లో వేరే ఏదో ఉండొచ్చు: మూత్రంలో ఇన్ఫెక్షన్, మలబద్ధకం, నొప్పి, ఒంట్లో నీరు తగ్గడం, కొత్తగా వేసిన మందు. కొన్ని జలుబు, దగ్గు మందులు కూడా వీళ్ల మతి ఇంకా చెదరగొడతాయి. అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్లాం. మూత్రంలో ఇన్ఫెక్షన్. మందులు వాడాక వారంలో మళ్లీ పాత అవ్వ అయింది.

ఇప్పుడు డాక్టర్ గారి దగ్గరికి ఒక్క పేజీ తీసుకెళ్తాం. వారానికి ఎన్ని సాయంత్రాలు, ఎన్ని రాత్రులు, ఏ మార్పు ఎప్పుడు చేశాం, మందుల్లో ఏం మారింది. ఆయన నిద్రకి కొత్త మాత్ర రాయలేదు. పేజీ చూసి, "పగటి కునుకు ఇలాగే ఉంచండి" అన్నారు.

అమ్మ ఇప్పటికీ క్యాలెండర్ మీదే రాస్తుంది. నిన్నటి గడిలో ఉన్నది చదివి ముగిస్తాను: "6:20. నేను బావి దగ్గరికి పోయినాను. మూట గట్టింది. కాఫీ ఇచ్చినాను. 12 నిమిషాలు. రాత్రి లేవలేదు. నేనూ పడుకున్నాను."

ఉంటానండి.