ఉమ్రా ప్యాకేజీ రద్దయితే వాపసు కోరే ఉత్తరం
(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఏజెన్సీకి డబ్బు కట్టిన తర్వాత ఉమ్రా ప్రయాణం ఆగిపోతే ఉత్తరం ఎలా వ్రాయాలో చెప్పమని కార్యదర్శి గారు నన్ను అడిగారు. బళ్ళో మేము పిల్లలకు దరఖాస్తు వ్రాయడం నేర్పుతాము. సెలవు కావాలి, మెహర్బానీ చేసి మంజూరు చేయండి అని అందులో వుంటుంది. మనవాళ్ళలో చాలామంది ఏజెన్సీకి కూడా ఆ ధోరణిలోనే వ్రాస్తారు. "మేము బీదవాళ్ళం, మా రఖం దయచేసి వాపస్ యివ్వండి" అంటారు. వాపసు ఉత్తరం దరఖాస్తు కాదు, హిసాబు. ఎంత కట్టాము, అందులో మీకు న్యాయంగా ఎంత చెందుతుంది, మాకు ఎంత రావాలి అని మనమే లెక్క కట్టి చూపాలి. అట్లా వ్రాస్తే అవతలివాడు మన లెక్కలో తప్పైనా చూపాలి, డబ్బైనా యివ్వాలి.

ఒక లెక్క చెబుతాను. అది మన సభ్యులలో ఒకరిది. పేరు, ఏజెన్సీ పేరు మనకు అవసరం లేదు. ఆయన రిటైరైన ఉద్యోగి. భార్యాభర్తలు 2024 డిసెంబరు 2న బయలుదేరవలసిన గుంపులో చేరారు. తలకు లక్ష రూపాయల ప్యాకేజీ. విమానం, రెండు చోట్లా బస, బస్సులు, భోజనం, వీసా అన్నీ అందులోనే. వీసా ఖర్చు తలకు 9,000 అని కొటేషనులో విడిగా చూపించారు. ఇద్దరికీ ప్యాకేజీ ధర 2,00,000. దాని మీద జి.ఎస్.టి. నూటికి 5 చొప్పున 10,000. మొత్తం 2,10,000 మీద టి.సి.ఎస్. నూటికి 5 చొప్పున 10,500. ఆయన కట్టినది 2,20,500 రూపాయలు.

ఈ మూడు అంకెలను విడివిడిగా గుర్తుంచుకోండి. ప్యాకేజీ ధర ఏజెన్సీ చేసే పనికి వెల. జి.ఎస్.టి. ఆ వెల మీద ప్రభుత్వానికి వెళ్ళే పన్ను. టి.సి.ఎస్. మన ఆదాయపు పన్ను ఖాతాలో జమ అయ్యేందుకు ఏజెన్సీ మన దగ్గర ముందే వసూలు చేసేది. అంటే అది ఏజెన్సీ సొమ్ము కానే కాదు. నేను చెప్పినవి 2024 నాటి రేట్లు. టి.సి.ఎస్. రేటు బడ్జెట్లలో మారుతూ వుంటుంది గాబట్టి మీ రసీదులో ఏ రేటు వేశారో చూసుకోండి.

ఇక రసీదు వెనుక షరతులు. ప్రయాణానికి 45 రోజుల కంటే ముందు రద్దు చేస్తే తలకు 10,000 కోత. 30 నుండి 45 రోజుల మధ్య అయితే ప్యాకేజీ ధరలో నూటికి 25. 15 నుండి 29 రోజుల మధ్య నూటికి 50. అంతకంటే ఆలస్యమైతే ఏమీ రాదు. జారీ అయిన వీసా ఖర్చు వాపసు లేదు. వీటి మీద ఆయన సంతకం వుంది.

అక్టోబరు 25న ఆయన భార్య మెట్ల మీద జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆయన 28వ తేదీన ఏజెన్సీకి వెళ్ళి, "అనారోగ్య కారణంగా మా యిద్దరి ప్రయాణం యీ రోజుతో రద్దు చేస్తున్నాము" అని రెండు వాక్యాల కాగితం యిచ్చి నకలు మీద ముద్ర వేయించుకున్నారు. అదే కాగితం ఫోటో తీసి వాట్సాప్‌లో కూడా పంపారు. లెక్క తర్వాత చూసుకోవచ్చు, యీ రెండు వాక్యాలు మాత్రం ఆ రోజే చేరాలి. నోటిమాటగా చెప్పి ఊరుకుంటే తేదీ మన చేతిలో వుండదు.

నవంబరు 12న ఏజెన్సీ లెక్క వచ్చింది. కట్టిన 2,20,500లో సగం, అంటే 1,10,250 కోత. ఇద్దరి వీసాలకు 18,000 అదనపు కోత. చేతికి వచ్చేది 92,250. ఆయన ఆ కాగితం నా దగ్గరకు తెచ్చారు. ఇద్దరం కూర్చుని చూస్తే నాలుగు చోట్ల తేడా కనబడింది.

మొదటిది రోజుల లెక్క. ఏజెన్సీవారు తమ ఆఫీసులో రద్దు నమోదు చేసిన నవంబరు 5 నుండి లెక్కించారు. అప్పుడు 27 రోజులే అవుతుంది గనుక సగం కోశారు. కాని కాగితం ముట్టినది అక్టోబరు 28న. అక్టోబరులో 3 రోజులు, నవంబరు 30, డిసెంబరు 2, మొత్తం 35 రోజులు. వర్తించే కోత నూటికి 25.

రెండవది, కోత దేని మీద అన్నది. షరతులో "ప్యాకేజీ ధరలో" అని వుంది. వారు పన్నులు కలిసిన మొత్తం మీద కోశారు. మనవాళ్ళు శాతం చూస్తారు గాని అది దేని మీద వేశారో చూడరు. డబ్బు అక్కడే పోతుంది.

మూడవది వీసా. ఆయన వీసా అక్టోబరు 24నే వచ్చింది, ప్రతి కూడా చేతికి అందింది. ఆ ఖర్చు ఒప్పుకోవలసిందే. భార్యగారి ఫోటో సరిగా లేదని వెనక్కి వచ్చి ఆమె వీసా జారీ కాలేదు. జారీ అయిన వీసాకు నంబరు, తేదీ వుంటాయి. అవి చూపలేనప్పుడు కోత లేదు. ఇంకొక సంగతి, వీసా ఖర్చు ప్యాకేజీ ధరలోనే వుంది. దాన్ని పూర్తిగా కోసిన తర్వాత మళ్ళీ దాని మీద నూటికి 25 వేస్తే ఒకే ఖర్చుకు రెండుసార్లు కోసినట్లు. అందుచేత ఆయన విషయంలో 9,000 తీసి, మిగిలిన 91,000 మీదనే శాతం వేయాలి.

నాలుగవది పన్నులు. రద్దు కోత మీద కూడా అసలు సేవకు వున్న రేటునే జి.ఎస్.టి. వర్తిస్తుందని 2022లో కేంద్ర ప్రభుత్వ సర్క్యులరు చెప్పింది. గాబట్టి వారు వుంచుకునే మొత్తం మీద నూటికి 5 తీసుకోవచ్చు. మిగతా జి.ఎస్.టి. మనకు రావాలి. దానికి వారు క్రెడిట్ నోటు వేసుకుని తమ పన్ను సర్దుకుంటారు, వారికి నష్టం లేదు.

ఆయన పంపిన ఉత్తరం యిది:

తేదీ 14-11-2024

మేనేజరు గారికి,

విషయం: 2-12-2024 ఉమ్రా ప్యాకేజీ రద్దు, వాపసు మొత్తము గురించి.

అయ్యా,

మా యిద్దరి ప్యాకేజీకి 9-9-2024న 50,000, 10-10-2024న 1,70,500, మొత్తం 2,20,500 రూపాయలు చెల్లించితిమి. నా భార్యకు ఎముక విరిగినందున 28-10-2024న, ప్రయాణానికి 35 రోజుల ముందు, రద్దు పత్రము మీ ఆఫీసులో యిచ్చితిమి. మీ ముద్ర గల నకలు జత చేయడమైనది. మీ షరతుల ప్రకారం కోత నూటికి 25. లెక్క యీ విధంగా వున్నది:

నా వీసా ఖర్చు: 9,000
నా మిగిలిన ధర 91,000పై నూటికి 25: 22,750
నా భార్య ధర 1,00,000పై నూటికి 25: 25,000
మొత్తం కోత: 56,750
కోతపై జి.ఎస్.టి. నూటికి 5: 2,837-50
మీరు వుంచుకొనదగినది: 59,587-50
ధర, జి.ఎస్.టి. కలిపి చెల్లించినది: 2,10,000-00
మాకు రావలసినది: 1,50,412-50

ఇది గాక టి.సి.ఎస్. 10,500 రూపాయలు నా పాన్ నంబరుపై ప్రభుత్వానికి జమ చేసి వుంటే సర్టిఫికెటు యివ్వగలరు. జమ చేయకుంటే పై మొత్తంతో కలిపి చెల్లించగలరు. నా భార్య వీసా 28-10-2024కు ముందే జారీ అయి వుంటే ప్రతి పంపండి, ఆ మేరకు లెక్క సవరించుకుంటాము.

పై మొత్తాన్ని 30-11-2024లోగా మేము డబ్బు పంపిన బ్యాంకు ఖాతాకే పంపవలెను. లెక్కలో భేదం వుంటే ఏ అంశంలోనో వ్రాతపూర్వకంగా తెలుపవలెను.

ఇట్లు,
(సంతకం)

జతపరచినవి: రసీదులు 2, ముద్ర గల రద్దు పత్రము, షరతుల ప్రతి, డాక్టరు సర్టిఫికెటు.

ఈ ఉత్తరంలో ఏజెన్సీకి చెందవలసిన 59 వేల పైచిలుకు మనమే ఒప్పుకున్నాము. అది బలహీనత కాదు. వారికీ నిజమైన నష్టం వుంటుంది. గుంపు టికెట్లకు ఎయిర్‌లైన్‌కు ముందే బయానా కడతారు, హోటలు గదులు పట్టుకుంటారు. అయితే పేర్ల జాబితా ఎయిర్‌లైన్‌కు యిచ్చేలోగా ఆ సీటులో మరొకరిని చేర్చే వీలుంటే నష్టం తగ్గుతుంది. కోత మరీ ఎక్కువగా వున్నప్పుడు "మా సీట్లు వేరేవారికి యిచ్చారా?" అని తప్పక అడగండి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 74వ సెక్షను ప్రకారం ఒప్పందంలో వ్రాసిన జరిమానా గరిష్ఠ పరిమితి మాత్రమే. దానికి లోబడి సమంజసమైన పరిహారమే దక్కుతుంది.

డాక్టరు సర్టిఫికెటు మీద మాత్రం ఎక్కువ ఆశ పెట్టుకోకండి. షరతుల్లో అనారోగ్యానికి మినహాయింపు లేకపోతే అది సానుభూతి తెస్తుంది గాని కోత తగ్గించదు. రద్దుకు కారణం నిజమని చూపడానికే దాన్ని జత చేశాము.

ఏమైందని మీరు అడుగుతారు. పన్నెండు రోజులకు ఏజెన్సీ నుండి ఫోను వచ్చింది. వీసా ప్రతి వారి దగ్గర లేదు, ముద్ర వారిదే. మొదట "లక్షా యిరవై వేలు తీసుకోండి, పూర్తి సెటిల్‌మెంటు అని సంతకం చేయండి" అన్నారు. అట్లా సంతకం చేస్తే మిగతా బాకీ అడగడం చాలా కష్టమవుతుంది. ఆయన చేయలేదు. "ఏ అంశం తప్పో కాగితం మీద వ్రాసివ్వండి" అన్నారు. నెలాఖరుకు 1,50,412 రూపాయలు ఖాతాలో పడ్డాయి. టి.సి.ఎస్. అప్పటికే జమ అయిపోయింది గనుక సర్టిఫికెటు యిచ్చారు. ఆయన 2025లో ఆదాయపు పన్ను రిటర్ను వేసి అది రాబట్టుకున్నారు. పన్ను కట్టవలసిన ఆదాయం లేనివారు కూడా దీని కోసం రిటర్ను వేయాలి. వేయకపోతే ఆ డబ్బు అక్కడే వుండిపోతుంది.

జవాబే రాకపోతే? జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించవచ్చు. అక్కడా కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషను వుంది. 2019 చట్టం ప్రకారం ఏజెన్సీ ఏ ఊళ్ళో వున్నా మనం నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. వివాదం పుట్టిన నాటి నుండి రెండేళ్ళ లోపు వేయాలి. అక్కడ కూడా మొదట చూసేది యీ ఉత్తరమూ, ముద్ర వున్న నకలూ, రసీదులే.

నగదు కట్టి రసీదు పుచ్చుకోనివారికి, షరతుల ప్రతి అడగనివారికి యీ లెక్క కట్టడానికి ఆధారం దొరకదు. ఏజెన్సీవారు రసీదు చేతికిచ్చినప్పుడు వెనక్కి తిప్పి, కోత శాతం దేని మీదనో, రోజులు ఏ తేదీ నుండి లెక్కిస్తారో అక్కడే అడిగి వ్రాయించుకోండి. ఉత్తరం నమూనా ప్రతులు, ఉర్దూలోనూ తెలుగులోనూ, కార్యదర్శి గారి వద్ద వుంచాను. మీ అంకెలు మీరు వేసుకుంటే సరిపోతుంది.