పటాన్‌చెరు నీళ్లు, ప్లాస్మిడ్లు: బ్యాక్టీరియా జీన్స్ ఎలా పంచుకుంటాయి?

హైటెక్ సిటీ నుంచి పటాన్‌చెరు సుమారు ఇరవై కిలోమీటర్లు ఉంటుంది. మనం ఇక్కడ కోడ్ రాసుకుంటుంటే, అక్కడి కంపెనీలు మందుల ముడిసరుకు, అంటే బల్క్ డ్రగ్స్ తయారు చేస్తుంటాయి. దాదాపు 90 కంపెనీల వ్యర్థ జలం ఒకే చోటికి, పటాన్‌చెరు ఎన్విరోటెక్ అనే శుద్ధి కేంద్రానికి వెళ్లేది. 2007లో స్వీడన్‌కి చెందిన యోకిమ్ లార్సన్ బృందం, ఆ కేంద్రం శుద్ధి చేసి బయటికి వదిలిన నీటిని పరీక్షించి ఒక పేపర్ ప్రచురించింది. ఆ నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది.

ఇది ఎంత ఎక్కువో చూద్దాం. మీరు 500 మిల్లీగ్రాముల సిప్రో టాబ్లెట్ వేసుకుంటే, మీ రక్తంలో అది గరిష్ఠంగా లీటరుకు రెండు మూడు మిల్లీగ్రాములు ఉంటుంది. అంటే బయటికొచ్చిన నీళ్లలో అంతకు పది రెట్లు పైనే ఉంది. కేంద్రం నుంచి రోజుకు సుమారు 15 లక్షల లీటర్లు వచ్చేవి. గుణిస్తే రోజుకు దాదాపు 45 కిలోల సిప్రో. టాబ్లెట్ల లెక్కలో 90 వేలు. ఒక్క రోజుకి!

"మందు అంత ఉంటే బ్యాక్టీరియా అన్నీ చచ్చిపోవాలి కదా, మంచిదేగా?" అని మీకు అనిపించొచ్చు. అసలు విషయం ఇక్కడే ఉంది.

మన జీన్స్ అమ్మానాన్నల నుంచి వస్తాయి, మన నుంచి పిల్లలకి వెళ్తాయి. బ్యాక్టీరియాకి ఇంకో దారి కూడా ఉంది. పక్కనున్న బ్యాక్టీరియా నుంచి నేరుగా జీన్ తీసుకోగలదు. అది తన జాతిదే అవ్వాలని కూడా లేదు. దీన్నే హారిజాంటల్ జీన్ ట్రాన్స్‌ఫర్ అంటారు. ఇందులో మనకి ముఖ్యమైన వాహనం ప్లాస్మిడ్. బ్యాక్టీరియా ప్రధాన క్రోమోజోమ్‌కి బయట, విడిగా తిరిగే గుండ్రటి చిన్న డీఎన్ఏ అది. దానికి తనను తాను కాపీ చేసుకునే ఏర్పాటు ఉంటుంది. కొన్నిటికి పక్క కణంలోకి వెళ్లే ఏర్పాటు కూడా ఉంటుంది. ఆ వెళ్లడం పేరే కాంజుగేషన్.

అది ఎలా జరుగుతుందంటే, ప్లాస్మిడ్ ఉన్న కణం పైలస్ అనే సన్నటి నూలుపోగు లాంటిదాన్ని బయటికి చాపుతుంది. అది పక్క కణానికి తగిలాక వెనక్కి ముడుచుకుని, రెండు కణాల్నీ దగ్గరికి లాగుతుంది. అప్పుడు రిలాక్సేజ్ అనే ఎంజైమ్ ప్లాస్మిడ్ డీఎన్ఏలోని రెండు పోగుల్లో ఒకదాన్ని, ఒక నిర్దిష్టమైన చోట కత్తిరిస్తుంది. ఆ ఒక్క పోగు రెండో కణంలోకి జారుతుంది. ఆ తర్వాత రెండు వైపులా కణాలు తమ దగ్గరున్న ఒంటి పోగుకి జత పోగు తయారు చేసుకుంటాయి.

మా సాఫ్ట్‌వేర్ వాళ్ల భాషలో చెప్పాలంటే ఇది కట్-పేస్ట్ కాదు, కాపీ-పేస్ట్. ఇచ్చినవాడి దగ్గర ఫైల్ పోదు. పైగా పుచ్చుకున్నవాడికి పంపే ప్రోగ్రామ్ కూడా ఆ ఫైల్‌తోనే వస్తుంది కాబట్టి, రేపటి నుంచి వాడూ పంచగలడు.

మరి ప్రపంచంలో అన్ని బ్యాక్టీరియాల్లోనూ అన్ని ప్లాస్మిడ్లూ ఎందుకు లేవు? ఎందుకంటే ప్లాస్మిడ్ మోయడానికి ఖర్చవుతుంది. దాన్ని కాపీ చేయాలి, దాని ప్రొటీన్లు తయారు చేయాలి. అవసరం లేని చోట, మోస్తున్నవాడు మోయనివాడికంటే కాస్త నెమ్మదిగా పెరుగుతాడు. కాబట్టి జాతి దాటి వచ్చిన జీన్ నిలబడాలంటే మూడు కావాలి. జీన్ ప్లాస్మిడ్ మీద ఉండాలి, ఇచ్చేవాడూ పుచ్చుకునేవాడూ ఒకరికొకరు తగలాలి, ఆ జీన్ ఉన్నవాడికి లాభం ఉండాలి.

ఇప్పుడు మళ్లీ పటాన్‌చెరు వెళ్దాం. శుద్ధి కేంద్రంలో వ్యర్థాన్ని తినేది బ్యాక్టీరియానే. వాటి కోసం గాలి కొడుతూ బురదని కలియబెడతారు. ఫ్యాక్టరీ నీళ్లలో ఆ బ్యాక్టీరియా సరిగ్గా బతకదు కాబట్టి ఇళ్ల మురుగునీరు కూడా కలిపేవారు. ఇంజనీరింగ్ పరంగా అది మామూలు పద్ధతే. కానీ దాంతో మన పేగుల్లోని బ్యాక్టీరియా, నీటిలోని బ్యాక్టీరియా, యాంటీబయాటిక్ మూడూ ఒకే ట్యాంకులో చేరాయి. పైన చెప్పిన మూడు షరతులకీ ఇంతకన్నా అనువైన చోటు దొరకడం కష్టం. 2013లో ఇలా బల్క్ డ్రగ్ కంపెనీల నీళ్లు వచ్చే కేంద్రం నుంచి తీసిన 93 రకాల బ్యాక్టీరియాని పరీక్షిస్తే, అందులో 86 శాతం 20 లేదా అంతకన్నా ఎక్కువ యాంటీబయాటిక్స్‌ని తట్టుకున్నాయి.

దిగువకి వెళ్లే కొద్దీ మందు పలచబడుతుంది, అయినా ప్రభావం ఆగదు. ల్యాబ్‌లో ఈ.కోలై మీద చేసిన ప్రయోగంలో, లీటరుకు 0.1 మైక్రోగ్రామ్ సిప్రో ఉన్నా తట్టుకునే రకానికే మొగ్గు కనిపించింది. అది 31 మిల్లీగ్రాముల్లో మూడు లక్షల వంతు. ఆ మోతాదులో బ్యాక్టీరియా చావదు. కాకపోతే తట్టుకునేవాళ్ల సంఖ్య నెమ్మదిగా పెరుగుతూ పోతుంది.

సరే, ఆ జీన్స్ నిజంగా దూకగలవని ఎలా తెలుసు? జీన్ కనపడినంత మాత్రాన అది కదులుతుందని కాదు. అందుకే లార్సన్ బృందంలోని వాళ్లు పారిశ్రామిక కాలుష్యం పడిన కాజిపల్లి చెరువు బురద తీసుకున్నారు. పచ్చగా మెరిసే ప్రొటీన్ పెట్టిన ఈ.కోలైతో ఆ బురదలోని బ్యాక్టీరియాని కలిపి ఉంచారు. తర్వాత యాంటీబయాటిక్ ఉన్న ప్లేటు మీద పెంచారు. అక్కడ పచ్చగా మెరుస్తూ పెరిగిందంటే, అది ఈ.కోలై అని రంగు చెబుతుంది. దానికి రెసిస్టెన్స్ వచ్చిందని బతికి ఉండటమే చెబుతుంది. సొంత మ్యుటేషన్ వల్ల కావచ్చు కదా అంటే, ఇలాంటి పరీక్షలో బురద కలపని ఈ.కోలైని కూడా విడిగా అదే ప్లేటు మీద పెంచి చూస్తారు. అన్నిటికన్నా గట్టి రుజువు ప్లాస్మిడ్‌ని బయటికి తీసి చదవడం. 2015లో వచ్చిన ఆ పేపర్లో, సిప్రో కుటుంబపు మందుల్ని తట్టుకునే జీన్స్ మోస్తున్న రెండు కొత్త ప్లాస్మిడ్లని వివరించారు.

వీటిలో ముఖ్యమైన జీన్ కుటుంబం పేరు క్యూఎన్ఆర్. సిప్రో దాడి చేసే ఎంజైమ్‌కి ఇది కవచంలా పనిచేసే ప్రొటీన్ తయారు చేస్తుంది. ఒంటరిగా ఉంటే ఇది ఇచ్చే రక్షణ కొంచెమే. చాలాసార్లు దీనొక్కదానితోనే చికిత్స విఫలం కాదు. కానీ ఆ కొంచెం రక్షణ వల్ల బతికిపోయిన కణాలకి, క్రోమోజోమ్‌లో పెద్ద మ్యుటేషన్ వచ్చేదాకా టైమ్ దొరుకుతుంది. ఈ కుటుంబంలో మొదటి జీన్ మోస్తున్న ప్లాస్మిడ్‌ని, అమెరికాలో ఒక రోగి నుంచి తీసిన క్లెబ్సియెల్లాలో కనిపించిందని 1998లో ప్రచురించారు. తర్వాత వెతికితే ఆ జీన్ మూలం షెవనెల్లా ఆల్గే అనే నీటి బ్యాక్టీరియా క్రోమోజోమ్‌లో దొరికింది. అంటే నీటి నుంచి ఆసుపత్రికి ఈ దారి ముందే ఉంది.

ఒక్క జాగ్రత్త. కాజిపల్లి ప్రయోగం "దూకగలదు" అని చూపింది. ఫలానా రోగికి ఈ చెరువు నుంచే వచ్చిందని చూపలేదు. అలా చెప్పాలంటే రోగి దగ్గరి ప్లాస్మిడ్‌నీ చెరువులోని ప్లాస్మిడ్‌నీ మొత్తంగా చదివి పోల్చాలి. ఎవరైనా ఈ రెండూ కలిపేసి చెబితే ఆ ప్రశ్న అడగండి.

ఇంకో ప్రశ్న కూడా ఉంది. 2020 జనవరిలో కేంద్ర ప్రభుత్వం బల్క్ డ్రగ్ కంపెనీల వ్యర్థ జలంలో యాంటీబయాటిక్స్‌కి పరిమితులు పెడుతూ డ్రాఫ్ట్ తెచ్చింది. 2021 తుది నోటిఫికేషన్‌లో ఆ పరిమితులు లేవు. ఇంట్లో కోర్సు మధ్యలో ఆపకూడదని మనకి ఎప్పుడూ చెబుతుంటారు. రోజుకి 90 వేల టాబ్లెట్ల మందు కాలువలోకి వెళ్లిన చోట, ముందు లెక్క అడగాల్సింది టాబ్లెట్ మింగినవాడినా, పైపు చివరనా?