ఒకే టీకా, రెండు లెక్కలు



నేను ఆరోగ్యశాఖలో టీకాల రిజిస్టర్లు రాసి రాసి రిటైరైనవాణ్ణి. అయినా సొంత మనవడి టీకా దగ్గరే పొరబడ్డాను. ఆ సంగతి చెప్తాను.

2022 డిసెంబరులో మేమిద్దరం మనవణ్ణి వెంటబెట్టుకొని ఉమ్రాకు వెళ్లాం. అప్పటికి వాడికి పదిహేనేళ్ల తొమ్మిది నెలలు. సౌదీ ప్రభుత్వం మెనింగోకాకల్ టీకా సర్టిఫికెట్ అడుగుతుంది. ఈ జబ్బు మెదడు పొరలకు, రక్తానికి సోకుతుంది. కొన్ని జిల్లాల్లో మన పిల్లలకు వేసే మెదడువాపు టీకా వేరు, ఇది వేరు. జనం ఒత్తుగా ఉండే చోట గొంతు తుంపరల ద్వారా ఇది అంటుకుంటుంది. 1987 హజ్ సమయంలో ఏ రకం, 2000లో డబ్ల్యూ రకం యాత్రికుల్లో ప్రబలాయి. అందుకే ఏ, సి, వై, డబ్ల్యూ నాలుగింటికీ పనిచేసే టీకా కావాలంటారు. రోగనిరోధక శక్తి రావడానికి వ్యవధి కావాలి గనుక, అక్కడ దిగడానికి కనీసం 10 రోజుల ముందే వేయించుకోవాలి. కాంజుగేట్ రకమైతే 5 ఏళ్లు చెల్లుతుంది. సర్టిఫికెట్ మీద రకం రాయకపోతే 3 ఏళ్లుగానే లెక్కిస్తారు. అందుకని పక్కనుండి రాయించాను.

2025లో వాడికి అమెరికాలో డిగ్రీ సీటు వచ్చింది. హాస్టల్లో ఉండాలంటే ఇదే టీకా కావాలన్నారు. "5 ఏళ్లు కాలేదు కదా, ఇదే పంపు" అని నేను ధీమాగా చెప్పాను. కాలేజీవారు తిప్పి పంపారు. "తాతయ్యా, పదహారేళ్లు నిండాక వేయించుకున్నది కావాలట!" అన్నాడు మనవడు.

ఆలోచిస్తే వారి లెక్కా సబబే. ఈ టీకా బలం ఏళ్లు గడిచేకొద్దీ తగ్గుతుంది. పదహారు నుంచి ఇరవై ఒకటి వరకు ముప్పు ఎక్కువ. ఒకే గదిలో నిద్ర, ఒకే గ్లాసులో తాగడం హాస్టల్లో మామూలే కదా! అందుకని పదహారుకు ముందు వేసుకున్నవారికి మరో మోతాదు కావాలి. పదహారు నిండాక మొదటిసారి వేసుకున్నవారికి ఆ ఒక్కటే చాలు. మావాడికి మూడు నెలలు తక్కువైంది. జూలైలో ప్రైవేటు ఆసుపత్రిలో రెండోది వేయించాం. వెళ్లాల్సిన యాత్రను గానీ టీకాను గానీ దీనికోసం వాయిదా వేయనక్కర్లేదు. రెండో ఖర్చు ఉంటుందని ముందే తెలిస్తే చాలు.

ఒక్క హెచ్చరిక. ఈ టీకా బి రకాన్ని ఆపదు. దానికి వేరే టీకా ఉంది. కనుక టీకా అయినా సరే, తీవ్ర జ్వరంతో తలనొప్పి, మెడ బిగుసుకోవడం, వాంతులు, వెలుతురు చూడలేకపోవడం ఉంటే తెల్లారేదాకా ఆగకూడదు. అరచేతుల్లో, అరికాళ్లలో ఎర్రమచ్చలు చూడండి. గాజు గ్లాసుతో అదిమినా మచ్చ పోకపోతే వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. మచ్చలు లేవని ఆగనూ కూడదు. గంటల్లో ప్రాణం తీసే జబ్బిది.

ఈ మాటలు మా మనవడికి విమానాశ్రయంలోనూ చెప్పాను, కాగితం మీదా రాసిచ్చాను. మీరూ మీ పిల్లలకు చెప్పండి. సెలవు.