ఆడియోగ్రామ్‌లో రెండు గీతల మధ్య గ్యాప్: ఎప్పుడు నిజం, ఎప్పుడు మోసం?

నేను ఆడియాలజిస్ట్‌ని. చెవి పరీక్ష చేయించుకున్నాక చేతికి ఒక గ్రాఫ్ ఇస్తారు కదా, దాని పేరు ప్యూర్ టోన్ ఆడియోగ్రామ్. కింద ‘కండక్టివ్’ అనో ‘సెన్సరీన్యూరల్’ అనో ఒక మాట రాసి ఉంటుంది. ఆ మాట ఎలా వచ్చింది, దాన్ని ఎప్పుడు నమ్మకూడదు అనేది ఈ ఎపిసోడ్‌లో చూద్దాం. మీ దగ్గర రిపోర్టు ఉంటే ఫోన్‌లో ఓపెన్ చేసి పక్కన పెట్టుకోండి.

ముందు గ్రాఫ్ ఎలా ఉంటుందో చూద్దాం. ఎడమ నుంచి కుడికి వెళ్తే శబ్దం సన్నబడుతుంది. 250 హెర్ట్జ్ అంటే బొంగురు శబ్దం, 8000 అంటే కీచుమనే శబ్దం. పై నుంచి కిందికి వెళ్తే శబ్దం పెరుగుతుంది, దాన్ని డెసిబెల్స్‌లో కొలుస్తారు. ఒక్కో శబ్దాన్ని ఎంత మెల్లగా పెట్టినా మీకు వినపడిందో అక్కడ ఒక చుక్క పెడతారు. కాబట్టి ఇక్కడ లెక్క తిరగబడుతుంది. గీత కిందికి దిగిందంటే వినికిడి తగ్గిందని అర్థం. పెద్దవాళ్లలో చుక్కలన్నీ 25 లోపు ఉంటే మామూలుగా నార్మల్ అంటాం.

ఇప్పుడు అసలు విషయం. ఒక్కో చెవికి రెండు రకాల పరీక్ష చేస్తాం. మొదటిది హెడ్‌ఫోన్స్ పెట్టి చేసేది, దీన్ని ఎయిర్ కండక్షన్ అంటారు. శబ్దం చెవి రంధ్రంలోంచి వెళ్లి, కర్ణభేరిని కదిపి, దాని వెనకున్న మూడు చిన్న ఎముకలు దాటి లోపలి చెవికి చేరుతుంది. అంటే దారి మొత్తాన్ని పరీక్షిస్తున్నాం. రెండోది చెవి వెనక ఎముక మీద చిన్న వైబ్రేటర్ పెట్టి చేసేది, ఇది బోన్ కండక్షన్. ఇందులో శబ్దం పుర్రె ఎముకలోంచే నేరుగా లోపలి చెవికి వెళ్లిపోతుంది. బయటి చెవి, మధ్య చెవి దాదాపు పక్కకు తప్పుకున్నట్టే.

గ్రాఫ్‌లో కుడి చెవి ఎయిర్ ఎర్ర సున్నా, ఎడమ చెవి ఎయిర్ నీలం ఇంటూ గుర్తు. బోన్ గుర్తులు బాణం మొనల్లాగా గానీ, చదరపు బ్రాకెట్ల లాగా గానీ ఉంటాయి. ఈ రెండింటికీ తేడా ఉంది, కాసేపట్లో చెప్తాను.

ఒక చెవికి 1000 హెర్ట్జ్ దగ్గర ఎయిర్ 45, బోన్ 10 అనుకుందాం. లోపలి చెవి 10కే వింటోంది, అంటే అది బాగానే ఉంది. హెడ్‌ఫోన్స్‌లో మాత్రం 45 దాకా పెంచాల్సి వచ్చింది. మిగతా 35 దారిలో ఎక్కడో ఆగిపోతోంది. ఇదే కండక్టివ్. గుబిలి గట్టిపడటం, కర్ణభేరికి రంధ్రం, మధ్య చెవిలో నీరు చేరడం, ఇలాంటివి కారణాలు. వీటిలో చాలావాటికి మందో ఆపరేషనో ఉంటుంది.

ఇంకో చెవికి ఎయిర్ 45, బోన్ 40. రెండూ కలిసే కిందికి దిగాయి, గ్యాప్ లేదు. దారి బాగుంది, లోపలి చెవిలోనో అక్కడి నరంలోనో దెబ్బ ఉంది. ఇది సెన్సరీన్యూరల్. బోన్ 30కి దిగి, ఎయిర్ ఇంకా కిందికి 60కి పోతే రెండూ ఉన్నట్టు, అది మిక్స్‌డ్. పరీక్షలో 5, 10 డెసిబెల్స్ తేడా మామూలే, అందుకే 15 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటేనే గ్యాప్‌గా లెక్కేస్తాం.

ఇంతవరకు సింపుల్‌గానే ఉంది. ఇప్పుడు మోసం ఎక్కడో ఒక కేసుతో చెప్తాను.

24 ఏళ్ల కుర్రాడు, డెలివరీ పని చేస్తాడు. ఒకరోజు పొద్దున లేచేసరికి ఎడమ చెవి మూసుకుపోయినట్టుంది, లోపల ‘గుయ్’మని శబ్దం. జలుబు వల్ల అనుకుని మెడికల్ షాపులో డ్రాప్స్ తెచ్చి ఐదు రోజులు వేసుకున్నాడు. తర్వాత ఒకచోట పరీక్ష చేయించుకున్నాడు. ఎడమ చెవికి ఎయిర్ 60, బోన్ 10. చూడగానే ఏమనిపిస్తుంది? 50 డెసిబెల్స్ గ్యాప్, కాబట్టి కండక్టివ్. రిపోర్టులోనూ అదే రాసి, డ్రాప్స్ కొనసాగించమన్నారు.

ఆరో రోజు అతను నా దగ్గరికి వచ్చినప్పుడు రిపోర్టులో ఒక విషయం కనపడింది. బోన్ గుర్తు బాణం మొన, బ్రాకెట్ కాదు. అంటే మాస్కింగ్ చేయలేదు.

మాస్కింగ్ ఎందుకంటే, వైబ్రేటర్‌ని ఎడమ చెవి వెనక పెట్టినా పుర్రె మొత్తం ఒకే ఎముకల గూడు కదా, ఆ కంపనం దాదాపు ఏమీ తగ్గకుండా కుడి లోపలి చెవికి కూడా చేరిపోతుంది. మనిషి ‘వినపడింది’ అని బటన్ నొక్కుతాడు. ఏ చెవికి వినపడిందో అతనికే తెలియదు. హెడ్‌ఫోన్ శబ్దం కూడా గట్టిగా పెడితే అవతలి చెవికి దాటుతుంది, కాకపోతే దారిలో సుమారు 40 నుంచి 60 డెసిబెల్స్ తగ్గుతుంది. ఇప్పుడు ఆ కుర్రాడి అంకెలు మళ్లీ చూడండి. బోన్ 10, ఎయిర్ 60. రెండూ కుడి చెవి విన్నవే. ఎడమ చెవి గురించి ఆ గ్రాఫ్ ఏమీ చెప్పడం లేదు.

మాస్కింగ్ అంటే మంచి చెవిలో ‘హుష్’ అనే శబ్దం పెట్టి దాన్ని బిజీగా ఉంచి, రెండో చెవిని ఒంటరిగా పరీక్షించడం. అలా చేస్తే ఎడమ చెవి ఎయిర్ 85కి దిగింది. బోన్ మెషీన్ లిమిట్ దాకా పెంచినా వినపడలేదు. అది సడన్ సెన్సరీన్యూరల్ లాస్. మధ్య చెవి పరీక్ష, టింపనోగ్రామ్, నార్మల్‌గా వచ్చింది. ట్యూనింగ్ ఫోర్క్‌ని నుదుటి మీద పెడితే కుడివైపు వినపడుతోందన్నాడు. అదే కండక్టివ్ అయ్యుంటే పాడైన చెవివైపే గట్టిగా వినపడాలి. అన్నీ ఒకేమాట చెప్పాయి.

అదే రోజు ఈఎన్‌టీ డాక్టర్ స్టెరాయిడ్ మొదలుపెట్టారు. వినికిడి కొంత వెనక్కి వచ్చింది, పూర్తిగా రాలేదు. ఈ జబ్బుకి మందు మొదటి రెండు వారాల్లో, ఎంత ముందైతే అంత మంచిది. అందుకే తప్పుగా రాసిన ఒక్క మాట వల్ల పోయే రోజులు చాలా ఖరీదైనవి.

కాబట్టి మీ రిపోర్టులో గ్యాప్ కనపడితే, ముఖ్యంగా ఒకే చెవికి ఉంటే, బోన్ గుర్తు ఏదో చూడండి. < లేదా > ఉంటే మాస్కింగ్ లేనిది. [ లేదా ] ఉంటే మాస్కింగ్ చేసింది. మాస్కింగ్ లేకపోతే ‘చేయకపోవడానికి కారణం ఏంటండీ?’ అని అడగండి. రెండు చెవులకీ ఎయిర్, బోన్ తేడా లేకుండా కలిసి ఉంటే మాస్కింగ్ అవసరం ఉండకపోవచ్చు. గ్యాప్ ఉంటే మాత్రం అది లేకుండా కండక్టివ్ అని తేల్చలేం.

ఇంట్లో ఒక చిన్న పరీక్ష కూడా ఉంది. ఒక చెవి ఉన్నట్టుండి మూసుకుపోతే నోరు మూసి ‘మ్...’ అనండి. మూసుకుపోయిన చెవిలోనే గట్టిగా వినపడితే దారిలో అడ్డు ఉండొచ్చు. బాగున్న చెవిలో వినపడితే లోపలి చెవి మీద అనుమానపడాలి. ఇది ఖాయం చేసే పరీక్ష కాదు. ఏ వైపు వినపడినా, ఉన్నట్టుండి వినికిడి తగ్గితే ఆరోజో మర్నాడో డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే.

చివరిగా ఒక మాట. ఆడియోగ్రామ్ దెబ్బ ఎక్కడుందో చెప్తుంది, ఎందుకు వచ్చిందో చెప్పదు. గుబిలి అయినా, ఎముక బిగుసుకున్నా గ్యాప్ ఒకేలా కనపడొచ్చు. చెవిలోకి చూడకుండా గ్రాఫ్ ఒక్కటే చూసి ఎవరూ కారణం చెప్పలేరు. వచ్చే ఎపిసోడ్‌లో ఆ టింపనోగ్రామ్ గురించి చూద్దాం. ఉంటాను మరి.