పుస్తకం రాసే కొత్త చెల్లికి ఒక తోడక్క
(సాలూరులో జరిగిన వార్షిక మహాసభలో సమాఖ్య తరఫున చేసిన ప్రసంగం)



ఈ ఏడాది నుంచి కొత్తగా చేరిన ప్రతి వీవోఏకీ అనుభవం ఉన్న ఒక వీవోఏని తోడుగా ఇస్తున్నాం. ఆమెను తోడక్క అని పిలుచుకుందాం. ఇది ఎందుకో ముందు చెబుతాం.

ఒక సభ్యురాలికి 10,000 రూపాయల అప్పు ఉందనుకోండి. నెలకు నూటికి రూపాయి వడ్డీ. మీటింగులో ఆమె 700 కట్టింది. అందులో పొదుపు 100, వడ్డీ 100, అసలు 500. పాస్ పుస్తకంలో సరిగ్గానే పడింది. సంఘం పుస్తకంలో మాత్రం కొత్తమ్మాయి 700 మొత్తం అసలు కింద రాసేసింది. పెట్టెలో డబ్బు లెక్క సరిపోయింది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. కానీ అప్పు 9,500 ఉండాల్సింది 9,300 అయింది, పొదుపులో వంద తగ్గింది. ఏడాది చివర పొదుపు అడిగితే అక్కడ గొడవ మొదలవుతుంది.

డబ్బు లెక్క కుదిరినంత మాత్రాన పుస్తకం సరైనదని కాదు. ప్రతి నెలా పాస్ పుస్తకాలను సంఘం పుస్తకంతో పక్కపక్కన పెట్టి చూస్తేనే ఇలాంటి తప్పు దొరుకుతుంది. ఈ చూపు ట్రైనింగులో ఒక్కరోజులో రాదు, పక్కన కూర్చుంటేనే వస్తుంది.

తోడక్కగా ఉండాలంటే మూడేళ్లు పుస్తకాలు రాసి ఉండాలి, సొంత అప్పులో బకాయి ఉండకూడదు. చేరి ఏడాది దాటని వీవోఏలందరూ తోడు అడగవచ్చు. ఎంత చదివారని అడగం.

ఆరు నెలలు, నెలకు రెండు పూటలు చాలు. ఒకటి సంఘం మీటింగు రోజు, రెండోది నెలాఖరు లెక్క చూసే రోజు. బస్సు, ఆటో ఖర్చు సమాఖ్య ఇస్తుంది. పొలం పనులు ముమ్మరంగా ఉన్న నెలలో ఇద్దరూ కలిసి రోజు మార్చుకోవచ్చు.

జతలు కలిపేటప్పుడు మొదట భాష చూస్తాం. కువి మాట్లాడే చెల్లికి కువి వచ్చిన అక్క, ఒడియా మాట్లాడే చెల్లికి ఒడియా వచ్చిన అక్క. తర్వాత దారి చూస్తాం. కొండ మీది ఊరికి వెళ్లి చీకటి పడకముందే ఇల్లు చేరగలగాలి. దగ్గరి బంధువులను కలపం. పని చూసి రిపోర్టు రాసే సీసీని తోడుగా వెయ్యం. తప్పు చెప్పుకోవడానికి భయపడే చోట నేర్చుకోవడం ఉండదు కదా. మొదటి నెలలో కుదరకపోతే, కారణం చెప్పకుండానే జత మార్చమనవచ్చు.

ఒక్క కట్టుబాటు ఉంది. తోడక్క పెన్ను పట్టదు, డబ్బు ముట్టదు. తప్పున్న చోట పెన్సిలుతో గుర్తు పెడుతుంది, దిద్దేది చెల్లే. డబ్బే తక్కువైతే మాత్రం ఆ ఇద్దరి మధ్య దాచిపెట్టకుండా గ్రామ సంఘం ముందు పెట్టాలి.

పేర్లు మీ గ్రామ సంఘం మీటింగులోనే రాయించండి. సభ్యులు కూడా వచ్చే మీటింగుకి పాస్ పుస్తకాలు ఇంట్లో వదలకుండా తీసుకురండి. అవి లేకపోతే తోడక్క వచ్చినా సరిచూడ్డానికి ఏమీ ఉండదు.