ఎన్ని గింజలు నానబెట్టాలి?

వరి విత్తనాల బస్తాలో మొలక శాతం తేల్చాలి. ఫలితం ‘85 నుంచి 95 మధ్య’ అన్నట్టు, పది శాతం వెడల్పు హద్దుల్లో, 95 శాతం నమ్మకంతో రావాలి. ఎన్ని గింజలు కావాలి? పాత సూత్రం ఏమీ తెలియదనుకుని, సగమే మొలుస్తాయన్న అతి కష్టమైన స్థితికి లెక్కగట్టి 385 అంటుంది. కానీ ఆ రకం సాధారణంగా తొంభై శాతం మొలుస్తుందని మనకు ముందే తెలుసుగా! బేయిస్ పద్ధతి ఆ తెలివిడిని, ఇరవై గింజల్లో పద్దెనిమిది మొలిచినంత బరువుతో, లెక్కలో చేరుస్తుంది. రాగల ఫలితాలన్నిటి మీదా హద్దుల వెడల్పు సగటున పది శాతం ఉంటే చాలనుకుంటే, సుమారు వంద గింజలు సరిపోతాయి.

‘ముందే మనసులో పెట్టుకున్నది ఫలితంలోకి దూరదా?’ అని అడగవచ్చు. దూరుతుంది. అందుకే ఆ అంచనాను గింజల సంఖ్య నిర్ణయానికే వాడి, ఫలితం తేల్చేటప్పుడు పక్కన పెట్టవచ్చు. అప్పుడు దాదాపు 120 గింజలు కావాలి. అసలు చిక్కు సగటులోనే ఉంది. బస్తా పాడై 120లో 90 మాత్రమే మొలిస్తే, వెడల్పు పదిహేను శాతం దాటుతుంది. వరి విత్తనానికి కనీస ప్రమాణం 80 శాతం. అంటే అనుమానం పుట్టిన బస్తా దగ్గరే కొలత మసకబారుతుంది. అలాంటప్పుడు మరిన్ని గింజలు నానబెట్టాల్సిందే.